దాతకు ఒక కథ, ఊరికి ఒక కథ: సుక్మాలో బడి సంస్థల బ్రాండ్ గురించి

(ఒక విద్యార్థి అధ్యయన బృందం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నాకిచ్చిన అంశం కొంచెం మార్కెటింగ్ తరగతి పాఠంలా వినిపిస్తుంది. పిల్లల చదువు కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తన బ్రాండ్‌ను ఎలా నిర్మించుకోవాలి, డబ్బిచ్చేవాళ్లకూ చదువుకునేవాళ్లకూ మధ్య సమతూకం ఎలా పాటించాలి అన్నది ప్రశ్న. బ్రాండ్ అంటే లోగో, రంగు, నినాదం అని మనలో చాలామంది అనుకుంటాం. లాభాపేక్ష లేని సంస్థ విషయంలో దాని అర్థం ఇంకాస్త వెడల్పు. ఆ సంస్థ పేరు విన్నప్పుడు ఎవరి మనసులో ఏం మెదులుతుందో అదే దాని బ్రాండ్. ముంబయిలో సీఎస్ఆర్ అధికారి మనసులో ఒకటి మెదలవచ్చు, కుంట బ్లాకులో ఒక తల్లి మనసులో ఇంకొకటి మెదలవచ్చు. ఈ రెండింటి మధ్య దూరం ఎంత, ఆ దూరానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అన్నదే నేను మాట్లాడదలచుకున్న విషయం.

దీనికి సుక్మానే ఎందుకు తీసుకున్నానో ముందు చెబుతాను. సుక్మా మనకు దూరమేమీ కాదు. భద్రాచలం నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద కుంట వస్తుంది. అక్కడి సంతలో తెలుగు నడుస్తుంది. శబరి నది ఆ జిల్లా అంచునుంచి పారి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. దొర్లలు మాట్లాడే దొర్లీ, కోయ మాటకూ తెలుగుకూ దగ్గరి చుట్టం. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్లు వదిలి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చిన కుటుంబాలనే మనం గుత్తికోయలంటున్నాం. 2012లో దంతెవాడ నుంచి విడిపోయి సుక్మా కొత్త జిల్లా అయింది. 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరింది. ఆ జాబితాలో పేరు ఉండడం వల్ల కంపెనీల సీఎస్ఆర్ చూపు కూడా అటు మళ్లుతుంది.

ఆ జిల్లాలో బడి అనే కట్టడానికి ఒక చరిత్ర ఉంది. సల్వాజుడుం కాలంలో కొన్ని బళ్లలో భద్రతా బలగాలు మకాం వేశాయి. బలగాలకు ఆశ్రయమవుతున్నాయంటూ మావోయిస్టులు కొన్ని బళ్లను కూల్చేశారు. పాఠశాలలను, హాస్టళ్లను ఖాళీ చేయమని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించింది. లోపలి ఊళ్లలో బడి మూతపడి, రోడ్డు పక్కన వెదురు తడికలతో పోటా క్యాబిన్లు అనే పెద్ద ఆశ్రమ పాఠశాలలు లేచాయి. వందల మంది పిల్లలు ఇల్లు వదిలి అక్కడ ఉండి చదువుకోవాల్సి వచ్చింది. జేగురుగొండలో బడి మళ్లీ తెరుచుకునేసరికి పదమూడేళ్లు గడిచి 2019 వచ్చింది.

కాబట్టి సుక్మాలో ఒక ఊరికి కొత్తగా వచ్చి 'మేం బడి కోసం వచ్చాం' అంటే ఎదుటివాళ్లు మొదట అడిగే ప్రశ్న పాఠ్యపుస్తకం గురించి ఉండదు. మీరు ఎవరి తరఫు మనుషులు అన్నది ఆ ప్రశ్న. మీ బ్యాగు మీది గుర్తు, మీ బండి మీది స్టిక్కరు, మీరు మాట్లాడే భాష, నిన్న మీరు ఎవరితో కలిసి ఫోటో దిగారు అన్నవన్నీ దానికి జవాబులవుతాయి. మిగతాచోట్ల బ్రాండ్ తప్పితే విరాళం తగ్గుతుంది. ఇక్కడ బ్రాండ్ తప్పితే ఆ ఊరి టీచరుగా పెట్టుకున్న స్థానిక యువకుడి మీద అనుమానం పడుతుంది.

దాత వైపు నుంచి చూద్దాం

దాతను దుర్మార్గుడిగా చూపించి తప్పించుకోవడం సులువు. కానీ దాత ఎందుకు అలా అడుగుతాడో అర్థం చేసుకోవాలి. 2007లో స్మాల్, లోవెన్‌స్టైన్, స్లోవిక్ అనే పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగం ఈ రంగంలో అందరికీ తెలుసు. ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు ఐదేసి డాలర్లు ఇచ్చి అందులోంచి విరాళం అడిగారు. ఆఫ్రికాలో ఆకలి గురించి అంకెలు మాత్రమే చూపిస్తే సగటున 1.14 డాలర్లు వచ్చాయి. మాలీ దేశపు రోకియా అనే ఏడేళ్ల పాప ఫోటో, కథ చూపిస్తే 2.38 డాలర్లు వచ్చాయి. పాప కథ పక్కనే అంకెలు కూడా పెడితే అది 1.43కి పడిపోయింది. అంటే ఒక ముఖం, ఒక పేరు కదిలించినంతగా సమస్య మొత్తం కదిలించదు. పైగా సమస్య గురించి వివరం చెబితే ముఖం బలం కూడా తగ్గుతుంది.

నిధులు సేకరించేవాళ్లకు ఈ లెక్క అనుభవంలో తెలుసు. అందుకే కరపత్రం మీద ఒక్క పిల్ల ఉంటుంది. ఆ పిల్ల చుట్టూ ఊరు ఉండదు, అమ్మానాన్నలు ఉండరు, పోడు భూమి ఉండదు. సుక్మా విషయంలో దీనికి ఇంకో పొర కలుస్తుంది. 'నక్సల్ ప్రభావిత', 'సంఘర్షణ ప్రాంతం' అనే మాటలకు దాతల మార్కెట్లో విలువ ఉంది. పక్క జిల్లాలో అదే పని చేసే సంస్థకన్నా సుక్మా సంస్థ ప్రత్యేకంగా కనబడేది ఆ మాటలవల్లే. సంస్థ తనను తాను వేరుగా చూపించుకోవాలి అన్నది బ్రాండ్ పాఠాల్లో మొదటి సూత్రం. ఆ సూత్రాన్ని ఇక్కడ పాటిస్తే, వేరుగా కనబడడానికి వాడే సరుకు పిల్లల భయమే అవుతుంది.

ఇక్కడ చట్టం సంగతి ఒకటి గమనించాలి. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం, సాయుధ సంఘర్షణ వల్లా పౌర అశాంతి వల్లా బాధపడిన పిల్లలను 'సంరక్షణ, రక్షణ అవసరమైన పిల్లల' నిర్వచనంలో చేర్చింది. అలాంటి పిల్లల పేరు, చిరునామా, బడి బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతుంది. కచ్చితంగా చెప్పాలంటే ఆ సెక్షన్ విచారణలు, న్యాయ ప్రక్రియల గురించిన కథనాలకు వర్తిస్తుంది. విరాళాల కరపత్రం నేరుగా దాని కిందికి రాదని లాయరు వాదించవచ్చు. అయినా దాని వెనక ఉన్న ఆలోచన స్పష్టమే. ఒక పిల్లను సంఘర్షణ బాధితురాలని మీరు పిలుస్తున్నారంటే, ఆమెను గుర్తుపట్టేలా చేయకూడని స్థితిలో ఆమె ఉందని మీరే ఒప్పుకుంటున్నారు. విరాళం తెచ్చే ఆ ముద్రే ఫోటో వేయకూడదనడానికి కారణం.

పాత తగువు

ఇచ్చేవాళ్లకూ పొందేవాళ్లకూ మధ్య సంస్థ ఎవరిది అనే ప్రశ్న మనకు కొత్తది కాదు. 1932లో పూనా ఒప్పందం తర్వాత బొంబాయి సభలో అస్పృశ్యతా నివారణ లీగ్ పుట్టింది. ఘనశ్యామ్‌దాస్ బిర్లా అధ్యక్షుడు, ఏ.వి. ఠక్కర్ కార్యదర్శి. ఆ ఏడాది నవంబరులో లండన్ వెళుతూ ఓడ మీదినుంచే అంబేడ్కర్ ఠక్కర్‌కు ఒక పొడవైన ఉత్తరం రాశారు. సంస్థ ఏ పని చేయాలో, ఆ పని ఎవరి చేతుల్లో జరగాలో అందులో వివరించారు. దానికి స్పందన రాలేదు. కొద్దికాలంలోనే లీగ్ పేరు హరిజన సేవక సంఘం అయింది.

ఆ సంఘం నిర్వాహక మండలిలో అంటరాని కులాలవారికి చోటెందుకు లేదని అడిగిన ప్రతినిధి బృందానికి గాంధీ ఇచ్చిన జవాబును అంబేడ్కర్ 1945 నాటి తన పుస్తకంలో నమోదు చేశారు. సారాంశం ఏమిటంటే, ఇది హిందువులు చేసిన పాపానికి హిందువులు చేసే ప్రాయశ్చిత్తం, డబ్బూ వాళ్లదే, కాబట్టి నడిపేదీ వాళ్లే. ఈ వాదనను నేటి భాషలోకి మార్చండి. సంస్థ దాత మనసు తృప్తికోసం ఉంది కాబట్టి సంస్థ పేరు, కథ, మండలి దాతే నిర్ణయిస్తాడు అని వస్తుంది. 'హరిజన' అనే పేరును ఆ పేరుతో పిలవబడేవాళ్లను అడిగి పెట్టలేదు. మన చరిత్రలో దాతకోసం చేసిన బ్రాండింగ్‌కు అంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌లో దీని కొనసాగింపు మాటల్లోనే కనబడుతుంది. జశ్‌పూర్‌లో 1952లో మొదలైన కల్యాణ్ ఆశ్రమం 'వనవాసి' అనే మాట ఎంచుకుంది. ఆ మాటలో అడవిలో ఉండడం ఉంది, ఆది నుంచీ ఉండడం లేదు. తమను తాము ఆదివాసీ అని పిలుచుకునే జనానికి ఈ తేడా తెలుసు. సుక్మాలో ఒక సంస్థ తన కరపత్రంలో ఆదివాసీ అనాలా, వనవాసి అనాలా, జనజాతి అనాలా, ట్రైబల్ అనాలా అన్నది డిజైనర్ తేల్చే సంగతి కాదు.

తెలుగు నేల మీద ఒక పద్ధతి

రెండు వైపులా ఒకే మాట చెప్పడం సాధ్యమేనా అంటే, మనకు దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఎం.వి. ఫౌండేషన్ ఏర్పడింది. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో బాలకార్మికుల మీద పని మొదలుపెట్టింది. దాని కార్యదర్శి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

అప్పటి చట్టం, అంటే 1986 నాటి బాలకార్మిక చట్టం, ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధించింది. నిధులిచ్చేవాళ్లూ అదే వర్గీకరణలో ఆలోచించేవారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పిల్ల అయితే బాలకార్మికురాలు, ప్రాజెక్టు ఇస్తారు. పశువులు కాసే పిల్లవాడు, తల్లి కూలికి వెళితే చెల్లిని చూసుకునే పిల్ల ఆ లెక్కలోకి రారు. అలాంటివాళ్లకు రాత్రి బడి చాలనేవారు. ఎం.వి. ఫౌండేషన్ దీన్ని ఒప్పుకోలేదు. రాజీపడకూడని సూత్రాలంటూ కొన్నిటిని రాసుకుంది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. ఏ పనైనా పిల్లల ఎదుగుదలకు హానికరమే. ప్రతి పిల్లా పూర్తికాలపు పగటి బడికి, మామూలు బడికే వెళ్లాలి. బాలకార్మిక వ్యవస్థను సమర్థించే ఏ వాదననైనా ఖండించాలి.

బ్రాండ్ దృష్టితో చూస్తే ఈ సూత్రాలు చేసిన పని రెండు రకాలు. ఒకటి, దాతకు చెప్పేదీ ఊళ్లో చెప్పేదీ ఒకే వాక్యమైంది. 'బడి బయట ఉంటే బాలకార్మికురాలే' అన్న మాట అంతర్జాతీయ సదస్సులో చెప్పినా రచ్చబండ దగ్గర చెప్పినా మారదు. ఊళ్లో దాన్ని కాదనేవాళ్లు ఉండవచ్చు, భూస్వామికి కోపం రావచ్చు. కానీ ఒకచోట చెప్పింది ఇంకోచోట వినబడితే సిగ్గుపడాల్సిన పని లేదు. రెండు, తన పేరును ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో సంస్థ తేల్చుకుంది. పిల్లలను చేర్చింది ప్రభుత్వ బడిలో, సాంఘిక సంక్షేమ హాస్టల్లో. ఊళ్లో పనిచేసింది బాలల హక్కుల పరిరక్షణ వేదిక పేరుతో ఊరివాళ్లే కూడిన సంఘాలు. ఫౌండేషన్ పేరు నిధుల కాగితాల మీద నిలిచింది, గెలుపు ఊరి వేదిక పేరు మీద పడింది. మార్కెటింగ్‌వాళ్లు బ్రాండ్ నిర్మాణం అని పిలిచేది దీన్నే.

ఈ అనుభవం సుక్మా వైపు కూడా నడిచింది. శాంతా సిన్హా 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ తొలి అధ్యక్షురాలయ్యారు. ఆమె కాలంలో కమిషన్ అశాంతి ప్రాంతాల్లో 'బాల్ బంధు' కార్యక్రమం నడిపింది. ఖమ్మం, సుక్మా ప్రాంతాలు అందులో ఉన్నాయి. స్థానిక యువతీయువకులనే ఎంపిక చేసి, పిల్లలను బడికీ అంగన్‌వాడీకీ కలిపే పని అప్పగించారు. ఆ పేరు చూడండి. దానిలో ప్రభుత్వం లేదు, సంఘర్షణ లేదు, దాత లేడు. పిల్లల చుట్టం అని మాత్రమే ఉంది. ఊళ్లో తనను తాను పరిచయం చేసుకునే యువకుడికి నోరు తిరిగే పేరు, భయం కలిగించని పేరు.

ఒక కరపత్రాన్ని విప్పి చూద్దాం

ఇప్పుడు సుక్మాలో సుమారు పదేళ్లుగా శిక్షార్థ్ వంటి సంస్థలు, పక్కన దంతెవాడలో బచ్‌పన్ బనావో వంటివి పిల్లల చదువు మీద పనిచేస్తున్నాయి. నేను చెప్పబోయే లెక్క వాటిది కాదు. అర్థం కావడం కోసం ఊహించుకున్న సంస్థది. కుంట బ్లాకులో కొన్ని లోపలి ఊళ్లలో, ఊరివాళ్లు వేసిన పాకల్లో అది బళ్లు నడుపుతోందనుకుందాం. ఒక బడిలో 31 మంది పిల్లలు. నెలకు స్థానిక టీచరు గౌరవ వేతనం 11,000 రూపాయలు, బోధన సామగ్రి 2,500, శిక్షణకూ పర్యవేక్షణకూ 2,000. మొత్తం 15,500. దాన్ని 31తో భాగిస్తే పిల్లకు నెలకు 500 వస్తుంది.

నిధుల విభాగంవాళ్లకు ఈ 500 చాలా నచ్చుతుంది. 'నెలకు 500 రూపాయలతో తుపాకీ నీడన పెరిగిన ఒక చిన్నారికి చదువు ఇవ్వండి' అని పోస్టర్ వేస్తారు. పైన ఒక పాప ఫోటో, పేరు, ఊరు. ఇది ఫోన్లలో తిరిగి తిరిగి కుంట చేరుతుంది. రోడ్డు మీది ఊళ్లలో ఫోన్ ఉన్న కుర్రాళ్లు ఉన్నారు. పోస్టర్ చూసిన కుర్రవాడు పాప తండ్రితో అంటాడు: "మామా, నీ కూతురి పేరు మీద నెలకు ఐదొందలు వస్తున్నాయట, నీకు ముట్టాయా?" ఆ తండ్రి టీచరును అడుగుతాడు. టీచరు దగ్గర జవాబు లేదు, ఎందుకంటే పోస్టర్ సంగతి అతనికే తెలియదు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. భాగహారం సరిగ్గానే ఉంది. కానీ ఉమ్మడిగా నడిచే బడిని ఒక్కో పిల్ల ధరగా మార్చడంతో, ఆ డబ్బు ఆ పిల్లదే అన్న అర్థం వచ్చింది. ఊరు దాన్ని సరిగ్గా అలాగే చదువుకుంది.

ఇక 'తుపాకీ నీడన' అన్న మాట. ఎవరి తుపాకీ అని దాత అడగడు. ఊళ్లో అది మొదటి ప్రశ్న. ఏ పక్షం చదివినా అది తమ గురించే అనుకోవడానికి వీలుంది. ఆ మాట రాసినవాడు రాయ్‌పూర్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. దానికి జవాబు చెప్పాల్సినవాడు ఊళ్లో ఉంటాడు.

అదే విజ్ఞప్తిని ఇలా మార్చి రాయవచ్చు: 'కుంట బ్లాకులోని ఈ ఊళ్లో బడి చాలా ఏళ్లు మూతపడి ఉంది. ఊరివాళ్లు పాక వేసుకుని మళ్లీ మొదలుపెట్టారు. అదే ఊరి యువకుడు దొర్లీలో మొదలుపెట్టి మెల్లగా హిందీలోకి తీసుకెళుతున్నాడు. 31 మంది చదువుతున్నారు. వానాకాలం వాగు పొంగితే అవతలి పల్లె పిల్లలు రాలేరు. ఈ బడి ఒక నెల నడవడానికి 15,500 రూపాయలు కావాలి.' ఫోటోలో పాక ఉంటుంది, పని చేస్తున్న టీచరు ఒప్పుకుంటే అతను ఉంటాడు, పిల్లలు వెనకనుంచి గుంపుగా ఉంటారు.

ఇందులో అవసరం ఉంది, అడ్డంకి ఉంది, ధర ఉంది. దాతకు కావాల్సిన ఒక కథ కూడా ఉంది. రోకియా ప్రయోగం చెప్పినది పూర్తిగా వదిలేయలేదు. అంకెల కుప్ప బదులు గుర్తుపెట్టుకోగలిగే ఒకే ఒక్కటి చూపించాం. ఆ ఒక్కటి పిల్ల కాకుండా బడి అయింది. బడి మొత్తానికి 15,500 అన్న అంకెను మూడు పద్దులతో సహా బడి గోడమీద కూడా రాయవచ్చు. దాతకు చెప్పిన అంకెను ఊరి గోడమీద రాయలేకపోతున్నామంటే, ఆ అంకెలో ఏదో తేడా ఉందన్నమాట.

బోర్డుల సంగతి

తర్వాతి చిక్కు బోర్డులు, బ్యాగులు. నిధులిచ్చిన కంపెనీ తన పేరు బడి గోడమీద, పిల్లల సంచుల మీద కావాలంటుంది. దీనికి లొంగక తప్పదని సంస్థలు అనుకుంటాయి. నిజానికి సీఎస్ఆర్ నిబంధనల్లోనే ఒక పట్టు ఉంది. 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, తమ వస్తువులకో సేవలకో మార్కెటింగ్ లాభం పొందడానికి స్పాన్సర్ చేసే కార్యక్రమం సీఎస్ఆర్ కిందికి రాదు. కంపెనీ పేరున్న చిన్న బోర్డు పెట్టడం నిషేధం కాదు. కానీ ఉత్పత్తి లోగో ఉన్న సంచులు పంచితే, ఆ ఖర్చును సీఎస్ఆర్‌గా చూపించడం కంపెనీకే ఇబ్బంది. 'మాకు ఇష్టం లేదు' అనడం కన్నా 'మీ ఆడిట్‌లో ప్రశ్న వస్తుంది' అని చెబితే ఆ కార్యాలయాల్లో త్వరగా అర్థమవుతుంది.

సుక్మాలో దీనికి ఇంకో కోణం ఉంది. కేంద్ర బలగాలు కూడా సివిక్ యాక్షన్ పేరుతో పుస్తకాలు, ఆట వస్తువులు పంచుతాయి. సంస్థ సంచులు పంచే సభలో యూనిఫామ్‌లు వేదికమీద ఉన్న ఒక్క ఫోటో చాలు, ఆ సంచి అర్థం మారిపోతుంది. కాబట్టి ఏ వేదికమీద కూర్చోము, ఎవరి చేతులమీదుగా పంచము అన్నది సంస్థ ముందే రాసుకుని, దాతకూ జిల్లా యంత్రాంగానికీ ఊరికీ ఒకే కాగితం చూపించాలి. యంత్రాంగం పేరెందుకు ఎత్తానంటే, ప్రభుత్వ బళ్లలో, పోటా క్యాబిన్లలో పనిచేయాలంటే దాని అనుమతి కావాలి. పాఠాల్లో దాత, లబ్ధిదారు అని ఇద్దరే ఉంటారు. సుక్మాలో ఈ మూడోది లేకుండా అడుగు పడదు. బడి ఎందుకు మూతపడిందో నివేదికలో ఎవరూ రాయకపోవడానికి తరచూ ఈ మూడో పాఠకుడే కారణం.

చదివి వినిపించడం

ఇదంతా సాధించడానికి ఒక పద్ధతి సూచిస్తాను. దాతకు పంపే ప్రతి విజ్ఞప్తినీ, వార్షిక నివేదికలో ఆ ఊరి భాగాన్నీ అచ్చుకు ముందు ఆ ఊళ్లో చదివి వినిపించాలి. దొర్లీలోనో గోండిలోనో హల్బీలోనో, అక్కడ నడిచే భాషలో. ప్రభుత్వ బడి అయితే విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలని చట్టమే చెప్పింది. వినడానికి ఆ కమిటీ సరిపోతుంది. పాక బడి అయితే పిల్లల తల్లిదండ్రులు కూర్చోవాలి. వాళ్లు వద్దన్న వాక్యం, వద్దన్న ఫోటో తీసేయాలి. ఏది తీసేశామో, ఎందుకో ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఏడాది తర్వాత ఆ నోటు పుస్తకమే ఆ సంస్థకు అసలైన బ్రాండ్ మార్గదర్శకం అవుతుంది.

ఫోటో అంగీకారం కూడా ఇలాగే ఉండాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లు నిండనివాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన అంగీకారం కావాలంటుంది. బడిలో చేర్చుకునే రోజునే హిందీ ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే కాగితం నిండుతుంది. కానీ కాదంటే సీటు పోతుందేమో అని భయపడుతూ వేసిన వేలిముద్ర అంగీకారం కాదు. చేరిక పూర్తయ్యాక, వేరే రోజున, ఫోటో ఎక్కడ కనబడుతుందో ఫోన్లో చూపించి అడగాలి. తర్వాత వద్దంటే తీసేస్తామని చెప్పాలి, తీసేయాలి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. టీచరు మనవాడే, సంస్థవల్లే బడి నడుస్తోంది అనుకున్నప్పుడు ఊరివాళ్లు దేనికైనా సరే అనవచ్చు. వరుసగా నాలుగైదు సార్లు ఒక్క అభ్యంతరం కూడా రాలేదంటే సంతోషించకూడదు, అనుమానించాలి. చదివేవాడు సంస్థ మనిషి కాకుండా చూడాలి. ఒక్కో నివేదికకు రెండు మూడు వారాలు ఎక్కువ పడతాయి, మూడు నెలలకోసారి నివేదిక అడిగే దాత ఒప్పుకోకపోవచ్చు. ముఖం లేని కరపత్రానికి వ్యక్తిగత విరాళాలు తగ్గే అవకాశం నిజంగానే ఉంది. సంస్థ ఈ నష్టాన్ని ముందే లెక్కగట్టుకుని, బడి ఖర్చులో ఎంత భాగం ఇలాంటి విజ్ఞప్తుల మీద ఆధారపడవచ్చో తేల్చుకోవాలి. టీచరు జీతం వంటి ఆగకూడని ఖర్చును వాటిమీద పెట్టకూడదు.

బయటినుంచి చూసే పరిశోధకులకు కొన్ని గుర్తులు చెప్పి ముగిస్తాను. మనలో చాలామంది ఇలాంటి సంస్థల మీద సిద్ధాంత వ్యాసాలు రాస్తున్నాం, వెబ్‌సైట్లు, వార్షిక నివేదికలు విశ్లేషిస్తున్నాం. అది ఒక వైపు బ్రాండ్ మాత్రమే. రెండో వైపు చూడాలంటే క్షేత్రంలో అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఊరివాళ్లు సంస్థను ఏ పేరుతో పిలుస్తున్నారు? సొంత పేరుతోనా, టీచరు పేరుతోనా, కలెక్టర్ పేరుతోనా, కంపెనీ పేరుతోనా? క్షేత్ర సిబ్బంది తమ సంస్థ సామాజిక మాధ్యమ పోస్టులను ఊళ్లో చూపించగలుగుతున్నారా, దాచుకుంటున్నారా? సందర్శకులు వచ్చే రోజు హాజరుకూ మామూలు రోజు హాజరుకూ తేడా ఎంత? మండలిలో ఆ జిల్లా ఆదివాసీ ఒక్కరైనా ఉన్నారా, ఉంటే సంతకం అధికారం ఉందా?

చివరి ప్రశ్నకు జవాబు లేదు అని వచ్చినచోట మిగతావాటి జవాబులు చాలావరకు ముందే ఊహించవచ్చు. 1932లో అడిగిందీ ఆ ప్రశ్నే. ఇచ్చేవాళ్ల డబ్బు కాబట్టి ఇచ్చేవాళ్లే నడుపుతారు అన్న జవాబు ఇప్పుడు ఎవరూ బాహాటంగా చెప్పరు. అది కరపత్రాల్లో, ఫోటోల్లో, తలసరి ధరల్లో ఉంటుంది. దాన్ని అక్కడ చదవడం మనం నేర్చుకోవాలి.